కోసింది బ్యాంకు, తిరగాల్సింది మనమా?

2025 జూన్ చివర్లో నాన్న రిటర్న్ వెయ్యడానికి కూర్చున్నా. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో చేసి రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో పన్నెండు లక్షలు ఇంటి దగ్గర్లోని బ్యాంకులో 7.5 శాతానికి డిపాజిట్ చేశారు. మూడు నెలలకోసారి 22,500 వడ్డీ, అందులో పది శాతం, అంటే 2,250 టీడీఎస్. ఏడాదికి 9,000 కోత. బ్యాంకు ఇచ్చిన వడ్డీ సర్టిఫికెట్‌లో అంతే ఉంది. 26ఏఎస్‌లో మాత్రం 6,750. నాలుగో త్రైమాసికం మాయం!

తెలిసిన వాళ్ళని అడిగితే అందరిదీ ఒకటే పాట. "26ఏఎస్‌లో ఉన్నదే క్లెయిమ్ చేసెయ్ బాస్, రెండువేల కోసం ఎవడు తిరుగుతాడు?" నాన్న కూడా "పోనీలేరా" అన్నారు. ఈ పోనీలే అనే మాట మీదే నా గొడవంతా.

నాలుగో త్రైమాసికం లెక్క బ్యాంకులు మే 31 లోపు దాఖలు చెయ్యాలి. కాబట్టి ఏప్రిల్‌లో 26ఏఎస్ చూసి కంగారు పడటం అనవసరం. కానీ జూన్ 15 కల్లా ఫారం 16ఏ ఇవ్వాలి. ఆ తర్వాత కూడా కనపడలేదంటే తప్పు జరిగినట్టే. బ్యాంకు తన సాఫ్ట్‌వేర్ నుంచి తీసిచ్చే వడ్డీ సర్టిఫికెట్ మన ఖాతాలో కోశారని మాత్రమే చెబుతుంది. ఆ కోత మన పాన్ మీద ప్రభుత్వానికి చేరిందా అన్నది ట్రేసెస్ నుంచి దించిన 16ఏ లోనే తెలుస్తుంది. మనవాళ్ళు ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు.

కౌంటర్‌లో మేడమ్ని 16ఏ అడిగా. నాన్న పాన్ మీద మూడు త్రైమాసికాలకే వచ్చింది. "మా దగ్గర అంతా కరెక్టే సార్, పోర్టల్ ప్రాబ్లమ్" అన్నారావిడ. ఇలాంటి మాట ఆఫీసులో మనం రోజూ వినేదే కదా!

ఇంటికొచ్చి అమ్మ 26ఏఎస్ తెరిచా. అమ్మకి అదే బ్యాంకులో ఎనిమిది లక్షలుంది, మూడు నెలలకి 15,000 వడ్డీ, 1,500 కోత. చివరి త్రైమాసికంలో మాత్రం దాంతోపాటు ఇంకో వరుస: 22,500 వడ్డీ, 2,250 పన్ను. దొరికింది దొంగ! డిసెంబర్ ఆఖర్లో నాన్న డిపాజిట్ రెన్యువల్ చేసినప్పుడు, పేరు నాన్నదే ఉంచి, అమ్మ కస్టమర్ నంబర్‌కి తగిలించారు. పేరు ఒకరిది, పాన్ ఇంకొకరిది.

ఇప్పుడు "పోనీలే" అనుకుంటే ఏమవుతుంది? నాన్నకి 2,250 పోతుంది, అది సరే. అమ్మకి తనది కాని 22,500 ఆదాయం అంటుకుంటుంది, చూపించకపోతే రేపు నోటీసు ఆవిడకొస్తుంది. 26ఏఎస్‌లో లేదు కదా అని నాన్న ఆ వడ్డీనే వదిలేస్తే అది ఇంకా పెద్ద తప్పు. టీడీఎస్ కనపడినా కనపడకపోయినా వడ్డీ ఆయన ఆదాయమే.

చట్టం మన వైపు లేదా అంటే, ఉంది. 1961 చట్టం సెక్షన్ 205 ప్రకారం ఒకసారి కోసిన పన్నుని మళ్ళీ మనల్ని కట్టమనకూడదు. 2013లో ఢిల్లీ హైకోర్టు, కోసినవాడి తప్పుకి పన్ను కట్టినవాడిని బాధించొద్దంది. 2015లోనూ, 2016లోనూ ప్రత్యక్ష పన్నుల బోర్డు అధికారులకి ఇదే చెప్పింది. కానీ ఇవన్నీ బలవంతపు వసూలుని ఆపుతాయంతే. బెంగుళూరులో రిటర్నుల్ని ప్రాసెస్ చేసే కంప్యూటర్ 26ఏఎస్‌తో పోల్చి చూస్తుంది, తేడా ఉంటే డిమాండ్ పంపుతుంది. హైకోర్టు తీర్పు దానికి చదవడం రాదు.

కాబట్టి మందు ఒక్కటే, బ్యాంకు తన 26క్యూ లెక్కకి సవరణ దాఖలు చెయ్యాలి. నోటిమాట మానేసి ఉత్తరం రాశా. డిపాజిట్ నంబరు, త్రైమాసికం, మొత్తం, తప్పు పాన్, సరైన పాన్ రాసి, రెండు 26ఏఎస్‌లు జతచేసి, అందినట్టు ముద్ర వేయించుకున్నా. ముప్పై రోజుల్లో జవాబు లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్తానని చివర్లో ఒక వాక్యం. అమ్మ ఏఐఎస్‌లో ఆ వరుస మీద `Information relates to other PAN/Year` అని నమోదు చేశా. మూడు వారాల్లో ఆ వరుస అమ్మ దగ్గర మాయమై నాన్న దగ్గర తేలింది. ఆ ఏడాది గడువు సెప్టెంబర్ 16 దాకా పెరిగింది కాబట్టి, అది కనపడ్డాకే రిటర్న్ వేశాం. ఒకవేళ గడువు ముంచుకొస్తే వడ్డీ మొత్తం, టీడీఎస్ మొత్తం చూపించి, సవరణ వచ్చాక సెక్షన్ 154 కింద దిద్దుబాటు అడగడమే దారి.

నా ప్రశ్న ఒకటే. పేరుకీ పాన్‌కీ పొంతన లేదని రెన్యువల్ రోజునే ఆపడానికి ఒక్క చెక్ చాలు. ఆ చెక్ రాయనివాడికి ఏ శిక్షా లేదు. ఎండలో బ్రాంచి చుట్టూ తిరిగేది మాత్రం డెబ్భై ఏళ్ళ పెద్దాయన. కొడుకు సాఫ్ట్‌వేర్ కాబట్టి నాన్నది దొరికింది. మిగతా లాలాగూడ పెన్షనర్ల సంగతేంటి?