మావయ్య గడియారం, నా కోడు, ఒక క్రిస్టల్

మా మావయ్యది కె.గంగవరం. మిక్సీలు, ఫ్యాన్లు, స్టెబిలైజర్లు బాగుచేసే చిన్న కొట్టు ఆయనది. కిందటేడు సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఇద్దరం కలిసి కొట్టుకి ఒక డిజిటల్ గడియారం చేశాం. బోర్డూ, సోల్డరింగూ ఆయనవి. కోడు నాది. ఏటీమెగా8 చిప్పు, 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, నాలుగు సెవెన్ సెగ్మెంట్ డిస్‌ప్లేలు, అంతే. ఎర్రటి అంకెలు వెలగ్గానే ఆయన మొహం చూడాలి!

నెల తిరక్కుండానే ఫోన్. "ఒరే అల్లుడూ, నీ కోడులో ఏదో తేడా ఉందిరా. వారం తిరిగేసరికి నిమిషం ముప్పావు ముందుంటోంది. దీన్ని చూసి రామచంద్రపురం బస్సుకి బయల్దేరినోళ్ళంతా రోడ్డు మీద నిలబడి నన్ను తిడుతున్నారు."

నేనేమంటాను? మనందరం అనేదే అన్నాను. "కోడు కరెక్టే మావయ్యా, నీ బోర్డులోనే ఏదో ఉంది." ఆఫీసులో టెస్టింగ్ వాళ్ళతో రోజూ చెప్పే మాటే కదా :)

తరవాత సిగ్గేసి లెక్క వేశాను. నా అభిప్రాయం ఏంటంటే, గడియారం తప్పితే ముందు వెతకాల్సింది దోషిని కాదు, అంకెని. వారానికి 6,04,800 సెకన్లు. అందులో 105 సెకన్లు ఎక్కువంటే పది లక్షల్లో 174 భాగాలు. అంటే 174 పీపీఎం. ఈ ఒక్క అంకె సగం అనుమానాలని తీర్చేస్తుంది.

మొదటి అనుమానం, చిప్పు అసలు క్రిస్టల్ వాడుతోందా, లేక లోపలి ఆర్‌సీ ఆసిలేటర్ మీదే నడుస్తోందా? లోపలిదైతే ఒక్క శాతం తేడాకే వారానికి గంటా నలభై నిమిషాలు పోతుంది. మనది నిమిషాల్లో ఉంది. కాబట్టి అది కాదు.

రెండోది నా కోడు. 16 మెగాహెర్ట్జ్‌ని 256తో భాగిస్తే సెకనుకి 62,500 లెక్కలు. సున్నా నుంచి లెక్క కాబట్టి రిజిస్టర్లో 62499 పెట్టాలి. పొరపాటున 62500 పెట్టి ఉంటే? సెకనుకి ఒక లెక్క ఎక్కువ, అంటే 16 పీపీఎం. వారానికి పది సెకన్ల లోపే. పైగా గడియారం వెనకబడుతుంది, ముందుకి పోదు. ఇంటరప్ట్‌లు మిస్సయినా అంతే, వెనకబడటమే. ముందుకి పరిగెడుతోందంటే టిక్కులే తొందరగా వస్తున్నాయన్నమాట. కోడు నిర్దోషి అని తేలింది. కానీ ఈసారి నోటి మాటతో కాదు, లెక్కతో.

ఇంక మిగిలింది క్రిస్టల్. మావయ్యకి క్రిస్టల్ అమ్మిన కొట్టాయన "టాలరెన్స్ అండీ, అలాగే ఉంటాయి" అని తేల్చేశాడట. మామూలు క్రిస్టల్‌కి ప్లస్ ఆర్ మైనస్ 30 పీపీఎం అని రాస్తారు. అంటే వారానికి ఎటైనా 18 సెకన్లు. మనకేమో 105. ఒక్క టాలరెన్స్ ఇంత పని చేయలేదు.

ఇక్కడ మావయ్య ఓపిక పనికొచ్చింది. అదే స్ట్రిప్పులోంచి ఇంకో రెండు క్రిస్టల్స్ తీసి, ఒక్కోటీ ఒక్కో వారం నడిపాడు. ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి నెట్ టైముతో సరిచేసిన ఫోన్ పక్కన పెట్టి రాసుకున్నాడు (నేనైతే time.nplindia.org వాడతాను. డిష్ టీవీలో కనిపించే టైము నమ్మకండి, సిగ్నల్ ఆలస్యంగా వస్తుంది). మొదటిది 174 పీపీఎం, రెండోది 118, మూడోది 141. మూడూ ముందుకే!

ఈ మూడు అంకెల్లోనే జవాబుంది. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఉన్న తేడా టాలరెన్స్. మూడింట్లోనూ సమానంగా ఉన్న 140 చిల్లర మాత్రం క్రిస్టల్స్ తప్పు కాదు, వాటి చుట్టూ ఉన్నదాని తప్పు.

"మావయ్యా, క్రిస్టల్ కాళ్ళకి కట్టిన కెపాసిటర్లు ఎంతవి?" అనడిగాను. "డబ్బాలో 10 పికోఫారడ్‌వి ఉంటే వేసేశానురా."

క్రిస్టల్ మీద రాసిన 16.000 అన్నది ఒక షరతుతో చెప్పిన మాట. ఇలాంటివాటికి తరచూ 20 పికోఫారడ్ లోడ్ ఉంటేనే ఆ ఫ్రీక్వెన్సీ వస్తుంది. రెండు 10లు సిరీస్‌లో 5 అవుతాయి, బోర్డు తీగల వల్ల ఇంకో 5 దాకా కలుస్తుంది. మొత్తం 10. లోడ్ తగ్గితే క్రిస్టల్ వేగం పెరుగుతుంది. మామూలు క్రిస్టల్ విలువలతో లెక్కేస్తే 150 పీపీఎం దగ్గర తేలింది. సరిగ్గా మనకి కావలసిందే.

ఇక్కడో తమాషా. స్కోప్ ప్రోబ్‌ని క్రిస్టల్ కాలికి తగిలించి కొలుద్దామంటే, ఆ ప్రోబే పది పికోఫారడ్ల దాకా లోడ్ కలుపుతుంది. కొలుస్తున్నంతసేపూ గడియారం నెమ్మదిస్తుంది. డీబగ్గర్ పెడితే మాయమయ్యే బగ్గులు మనకి తెలిసినవే కదా! కొలవాలంటే వేరే పిన్ మీదకి వచ్చే అవుట్‌పుట్‌ని కొలవాలి.

27 పికోఫారడ్‌వి వేసి మొదటి క్రిస్టల్ మళ్ళీ పెడితే వారానికి 24 సెకన్లకి దిగింది. మిగిలిందాన్ని కోడులో సరిచేశాను. 24 సెకన్లు వారానికంటే 25,200 సెకన్లకి ఒకటి, అంటే ఏడు గంటలకోసారి ఒక సెకను లెక్కపెట్టకుండా వదిలేయడం.

```c
if (++n >= 25200) n = 0;
else add_second();
```

అయిపోయిందనుకున్నాం. మావయ్య మురిసిపోయి పక్క టైలరింగ్ షాపుకి ఇంకోటి చేసిచ్చాడు. అదే బోర్డు, అదే కోడు, స్ట్రిప్పులో రెండో క్రిస్టల్. అది వారానికి అర నిమిషం పైగా వెనకబడింది!

ఎందుకో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. రెండో క్రిస్టల్ మొదటిదానికంటే 56 పీపీఎం నెమ్మది. దానికి కూడా నా 25200 పెట్టి, అసలు ముందుకే పోని గడియారాన్ని వెనక్కి లాగాం. కొట్టాయన చెప్పిన టాలరెన్స్ నిజంగా కనపడింది ఇక్కడ. ఒక గడియారం పరుగు మొత్తాన్ని అది వివరించలేదు, రెండు గడియారాలు ఎందుకు ఒకేలా నడవవో మాత్రం చెప్తుంది. ఆ సంఖ్యని కోడులో హార్డ్‌కోడ్ చేసింది నేనే కాబట్టి ఈసారి తప్పు సాఫ్ట్‌వేర్‌దే. ఇప్పుడది ఈఈప్రామ్‌లో ఉంటుంది, వెనకబడేవాటికి సెకను కలపడం కూడా వచ్చు. ఒక్కో గడియారానికి ఒక వారం కొలిచి దాని అంకె దానికి పెడతాం.

డీఎస్3231 వేస్తే గొడవే లేదు కదా అంటారు. నిజమే, 0 నుంచి 40 డిగ్రీల మధ్య అది 2 పీపీఎం లోపు, అంటే వారానికి సెకను పైచిలుకు. అమ్మే వస్తువైతే నేనూ అదే వేస్తాను. మన పద్ధతికి హద్దులున్నాయి. పెట్టిన అంకె ఆ గది వేడికే సరిపోతుంది, మేలో రేకు షెడ్డు కింద కొన్ని పీపీఎంలు కదులుతుంది, క్రిస్టల్ పాతబడుతున్నకొద్దీ ఇంకాస్త.

కానీ తయారైన చిప్పు వేసేసి ఉంటే మావయ్యా నేనూ ఇప్పటికీ ఒకర్నొకరు అనుకుంటూనే ఉండేవాళ్ళం. మొన్న ఫోన్ చేసి, "మూడు వారాలకి రెండు సెకన్లురా" అన్నాడు. ఎటువైపు అనడిగాను. "వెనక్కి. బస్సు తప్పితే నిన్నే తిట్టమని చెప్పాను."