'నూరు శాతం రిజల్ట్స్' అంటే సరిపోదు

తెనాలి, వడ్లమూడి చుట్టుపక్కల బడుల్లో ప్రిన్సిపల్, కోఆర్డినేటర్ పోస్టులకు వచ్చే రెజ్యూమేల్లో 'అద్భుత ఫలితాలు సాధించాను' అనే లైన్ తప్పకుండా ఉంటుంది. దాన్నిబట్టి కరస్పాండెంట్‌కి తెలిసేదేమీ ఉండదు. ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు, ఆ ఏడాది రాష్ట్ర సగటు ఎంత? ఈ మూడూ పక్కపక్కన ఉండాలి.

ఒక బడి ఉందనుకోండి. 2022లో పదో తరగతి 48 మంది రాస్తే 41 మంది పాసయ్యారు. అంటే 85.4 శాతం. 2024లో 50 మందికి 44 మంది, అంటే 88 శాతం. పైకి చూస్తే పెరిగినట్టే. కానీ ఆంధ్రప్రదేశ్ సగటు 2022లో 67.26 శాతమే, 2024లో 86.69. అంటే ఆ బడి మొదట రాష్ట్రం కంటే 18 పాయింట్లు ముందుంది, తర్వాత ఒక పాయింటు దగ్గరే ఆగింది. రెజ్యూమేలో 88 ఒక్కటే రాస్తే ఇంటర్వ్యూలో ఈ లెక్క వాళ్లే తీస్తారు. 2022 అంకె కూడా రాష్ట్ర సగటుతో కలిపి రాస్తే మీ అసలు బలం కనిపిస్తుంది. తేడా ఎందుకు తగ్గిందో చెప్పడానికీ సిద్ధంగా ఉండండి.

అడ్మిషన్లకీ ఇదే పద్ధతి. 60 మంది కొత్తగా చేరారని రాసి, టీసీ తీసుకుని వెళ్లిన 45 మందిని దాచకండి. నికరంగా పెరిగింది 15 మందే. స్టాఫ్ విషయంలో, ఎంతమంది టీచర్లను చూసుకున్నారన్నదాంతో పాటు ఏడాది మధ్యలో ఎందరు మానేశారో రాయండి. పేరెంట్స్ మీటింగులు ఎన్ని పెట్టారన్నది కాదు, పిలిచినవాళ్లలో ఎందరొచ్చారన్నది ముఖ్యం.

ఇంకా బడిలో పనిచేయని వాళ్లయితే టీచింగ్ ప్రాక్టీసులో మీ ఒక్క సెక్షన్ లెక్కే రాయండి. చిన్నదైనా, అడిగితే రిజిస్టర్‌తో చూపించగలిగేదై ఉండాలి.