అమరావతి రోజూ పేపర్లో ఉంటుంది, ధరణికోట ఎందుకు ఉండదు?



పొద్దున్నే ఏ పేపర్ తెరిచినా "అమరావతి" అని మొదలయ్యే వార్తలు పది కనిపిస్తాయి. అవేవీ మా పక్కనున్న అమరావతి ఊరివి కావు. గుంటూరు జిల్లా వెలగపూడి సచివాలయంలో పుట్టిన వార్తలు. అసలు అమరావతి ఊరు, దాన్ని ఆనుకుని ఉన్న మా ధరణికోట పల్నాడు జిల్లాలో ఉన్నాయి. ఫోన్లో "అమరావతి" అని కొట్టినా రాజధానే వస్తుంది. పేరు మాది, వార్త వాళ్లది.

పోయినేడు మా యానాది కాలనీ వాళ్లు శ్మశానానికి వెళ్లే దారి మూసేశారు. శవాన్ని పొలం గట్ల మీదుగా మోసుకెళ్లాం. ఒక పత్రిక నాలుగు లైన్లు వేసింది, అదీ జిల్లా పేజీలో. నరసరావుపేటలో చదివారేమో గానీ విజయవాడలో, మన్యంలో ఎవరికీ తెలియలేదు. అది ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలనిపించింది.

1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు తెచ్చింది. తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. దానివల్ల మండలానికో విలేకరి వచ్చాడు, పేపర్లో మన ఊళ్ల పేర్లు కనిపించాయి. ఇది మంచే. కానీ అదే ఒక గోడ కూడా అయింది. పాడేరు వార్త పాడేరు వైపే, పల్నాడు వార్త పల్నాడులోనే ఉండిపోతుంది. ఒకే కష్టం పడుతున్న రెండు జిల్లాల ఆదివాసీలు ఒకరి వార్త ఒకరు చదవరు.

ఆ గోడకు రెండు గేట్లున్నాయి. మొదటి గేటు మండల విలేకరి. చాలామందికి నెల జీతం ఉండదు, అచ్చయిన వార్త కొలతను బట్టి డబ్బులొస్తాయి. ప్రకటనలు తెచ్చే పని కూడా ఆయనదే. ప్రకటన ఇచ్చే పెద్దమనిషే దారి మూసినవాడైతే ఆయనేం రాస్తాడు? రెండో గేటు డెస్క్. అక్కడి సబ్ ఎడిటర్ "ఇది జిల్లాకి చాలు" అన్నాడంటే అంతే, కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు. 1949లో అమెరికాలో డేవిడ్ మానింగ్ వైట్ అనే పరిశోధకుడు ఒక ఎడిటర్‌ని వారం రోజులు గమనించాడు. ఏజెన్సీల నుంచి వచ్చిన వార్తల్లో దాదాపు తొంభై శాతం ఆయన పక్కన పెట్టేశాడు. పక్కన పెట్టడానికి ఆయన రాసిన కారణాల్లో సొంత ఇష్టాయిష్టాలూ ఉన్నాయి. మన దగ్గర ఆ కుర్చీలో ఎవరున్నారు? 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ లెక్క తీస్తే, తాము చూసిన మీడియా సంస్థల్లోని 121 నాయకత్వ పదవుల్లో 106 అగ్రకులాల వాళ్లవే. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు.

గేటు తెరుచుకున్న రోజులూ ఉన్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అదీ జిల్లా పేజీలో ముగిసిపోయేదే. కానీ ఈనాడు దాన్ని రాష్ట్ర వార్త చేసి రోజూ రాసింది. ఉద్యమం ఊరూరా పాకింది, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పోరాటం ఆడవాళ్లదే, పేపర్ దాన్ని మోసింది. అప్పటి ప్రభుత్వానికి ఆ పత్రిక వ్యతిరేకి అన్నదీ మర్చిపోకూడదు. అంటే యాజమాన్యం అవసరమూ మన అవసరమూ కలిసిన రోజునే గేటు పూర్తిగా తెరుచుకుంటుంది.

"ఇప్పుడు ఫేస్‌బుక్ ఉందిగా, ఎడిటర్ ఎందుకు?" అంటారు కుర్రాళ్లు. అక్కడా ఎడిటర్ ఉన్నాడు, కాకపోతే కనిపించడు. మీరు లైక్ కొడతారా, కామెంట్ పెడతారా, షేర్ చేస్తారా అని యంత్రం ముందే అంచనా వేసి ఒక్కోదానికి మార్కులు వేస్తుంది. మార్కులు ఎక్కువొచ్చిన పోస్టే పైకొస్తుంది. 2017లో కోపం ఎమోజీకి లైక్ కంటే ఐదు రెట్లు విలువ ఇచ్చారని కంపెనీ లోపలి పత్రాలే 2021లో బయటపెట్టాయి. 2020లో దాన్ని సున్నా చేశారు. ఈ మధ్యకాలంలో ఏ పోస్టులు ఊరేగాయో మనకు తెలుసు. మా కాలనీలో నాలుగు ఇళ్లకు ఒక ఫోన్. చూసి బాధపడతారు గానీ కామెంట్ రాయరు. యంత్రం లెక్కలో ఆ బాధకు మార్కులు లేవు.

కాబట్టి వార్త ఆగినప్పుడు ఏ గేటు దగ్గర ఆగిందో ముందు చూడండి. జిల్లా పేజీలో కూడా రాకపోతే ఎక్కువగా విలేకరి దగ్గరే ఆగి ఉంటుంది. అర్జీ కాపీ, తేదీ, ఫొటో, ఆఫీసర్ ఏమన్నాడో అన్నీ చేతికివ్వండి. ఆఫీసర్ మాట లేదన్న సాకుతోనే డెస్క్ చాలా వార్తలు తిప్పి పంపుతుంది. జిల్లా పేజీ దాటకపోతే అది డెస్క్ పని. ఇదే సమస్య ఉన్న ఇంకో రెండు జిల్లాల ఊళ్లు వెతికి, మూడూ కలిపి ఒకే వార్తగా ఇవ్వండి. అప్పుడు "ఇది జిల్లాకి చాలు" అనడం కష్టం. ఫేస్‌బుక్‌లో మన పేజీని అనుసరించే వాళ్లలో కొద్దిమందికే పోస్టు చేరిందంటే మార్కుల దగ్గర ఆగింది. వాట్సాప్ గ్రూపుల్లో పంపండి, అక్కడ మార్కులేసే యంత్రం లేదు.

ఈసారి మా శ్మశానం దారి గురించి నేను ఒంటరిగా రాయను. మీ ఊళ్లోనూ దారి మూసేస్తే ఊరు పేరు, తేదీ, ఫొటో పంపండి. అన్నీ కలిపి ఒకే డెస్క్ బల్ల మీద పెడదాం.