ఆ పాటకు అర్థం చెప్పాలా, దాచాలా?



యాన్యువల్ డే ప్రాక్టీసు జరుగుతున్న రోజుల్లో ఒక తండ్రి నా దగ్గరికి వచ్చారు. వాళ్లమ్మాయి ఎనిమిదో తరగతి. తను పాడబోయే అన్నమయ్య కీర్తనకు ఆయన ఫోన్‌లో అర్థం చూశారట. "దేవుడి పాట అన్నారు కదా మేడం, ఇందులో పెదవులు, కౌగిలి, చెమటలు ఉన్నాయేంటి? సినిమా పాటకూ దీనికీ తేడా ఏమిటి?" అని అడిగారు.

అందరూ చెప్పే మాటే నేనూ చెప్పాను: "అది జీవాత్మ పరమాత్మల కలయిక సార్." ఆయన తల ఊపారు కానీ ముఖంలో తృప్తి లేదు. నిజం చెప్పాలంటే నాకూ లేదు. ఆ మాట తప్పు కాదు. కానీ ఇబ్బందిగా ఉన్న మాట మీద గుడ్డ కప్పినట్టు దాన్ని వాడేస్తున్నాం. ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు మీ అందరికీ చెబుతాను.

ముందు పాట సంగతి. అందులో మాట్లాడేది నాయిక కాదు, ఆమె చెలికత్తె. ఉదయాన్నే నాయికను చూసి తోటి చెలులతో ఊహలు పంచుకుంటోంది. పెదవి మీద అక్కడక్కడా కస్తూరి అంటి ఉంది. ఇది ఆమె తన స్వామికి రాసిన ఉత్తరం కాదు కదా అంటుంది. కంటి చివరలు ఎర్రబడ్డాయి. స్వామి మీద నాటుకున్న చూపుల్ని పెరికి వెనక్కి తీసుకున్నప్పుడు అంటిన నెత్తురు కాదు కదా అంటుంది. చివరి చరణంలో ఆ స్వామి ఎవరో తెలుస్తుంది, తిరువేంకటపతి. ఆ తండ్రిని ఇబ్బంది పెట్టిన కౌగిలి, చెమటలు ఉన్నది కూడా ఆ చరణంలోనే.

ఈ పాటకు మన ప్రాంతంలోనే ఒక కథ ఉంది. మనం బెంగళూరు వెళ్లేటప్పుడు దాటే పెనుకొండలోనే అది జరిగిందంటారు. అన్నమయ్య మనవడు తాళ్లపాక చిన్నన్న తాత చరిత్రను ద్విపదలో రాశాడు. అందులోని కథ ఇది. అప్పట్లో పెనుకొండలో ఉన్న సాళువ నరసింగరాయలు అన్నమయ్యను పిలిపించి పాడమన్నాడు. అన్నమయ్య ఈ పాటే పాడాడు. రాజు మురిసిపోయి, ఇలాంటిదే నా మీద ఒకటి చెప్పమన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకుని, హరిని పాడే నాలుకతో మనిషిని పాడనన్నాడు. రాజు కోపంతో సంకెళ్లు వేయించాడు. అన్నమయ్య స్వామిని తలచుకుని పాడితే అవి ఊడిపడ్డాయని కథ.

సంకెళ్ల సంగతి ఎవరి నమ్మకం వారిది. నాకు ముఖ్యం అనిపించింది రాజు కోరిక. రాజు అడిగింది కూడా ఆ తండ్రి అడిగిన ప్రశ్నే. కస్తూరి, చూపులు, కౌగిలి అన్నీ అవే ఉంచి, చివర పేరు మారిస్తే చాలు కదా అన్నది ఆయన లెక్క. మాటల వరకే చూస్తే ఆ లెక్క సరైనదే. ప్రేమ పాటకూ భక్తి పాటకూ ఇక్కడ పదాల్లో తేడా లేదు. ఉందని మనం పిల్లలకు చెబితే అది అబద్ధమే అవుతుంది.

మరి తేడా ఎక్కడుంది? రెండు చోట్ల ఉంది.

మొదటిది, కవి ఎక్కడ నిలబడ్డాడు అన్నది. అన్నమయ్య భార్యాబిడ్డలున్న సంసారి. ఈ పాటలో ఆయన ప్రేమికుడి గొంతుతో మాట్లాడటం లేదు. అమ్మవారి చెలికత్తెల్లో ఒకడిగా నిలబడి, ఆమె సంతోషాన్ని చూసి తానూ సంతోషిస్తున్నాడు. వేరే పాటల్లో తానే నాయికగా మారి స్వామి రాలేదని అలుగుతాడు, దెప్పుతాడు, తలుపు వేసేస్తాడు. సినిమా పాటలో హీరో కోరుకునేది తనకోసం. ఇక్కడ కవి తన మగతనాన్ని, పెద్దరికాన్ని పక్కనబెట్టి ఎదురుచూసే మనిషి అయ్యాడు.

రెండోది, ఆ చివరి పేరు. అది సంతకం లాంటిది కాదు, పాట వెళ్లాల్సిన అడ్రస్. నరసింగరాయల పేరు పెడితే అదే పాట రాజుగారి పడకగది పొగడ్త అవుతుంది. పాడినవాడికి బహుమానం వస్తుంది, అక్కడితో సరి. వేంకటపతి పేరుతో ఉంటే ఆ పాట నుంచి రావాల్సింది ఏమీ లేదు. అందుకే అన్నమయ్య పేరు మార్చలేదు.

అయితే దేవుడి మీద అలగడం ఎందుకు, దణ్ణం పెడితే సరిపోదా అని మీరు అడగవచ్చు. ఇది అనంతపురం వాళ్లకు వివరించడం సులువు. వేరుశనగ విత్తి మబ్బుల కోసం చూసే రైతును గమనించండి. మబ్బు వచ్చి తేలిపోతే దాన్ని తిడతాడు. మర్నాడు మళ్లీ ఆకాశం వైపే చూస్తాడు. మనకు సంబంధం లేని వాళ్ల మీద మనం అలగం. దణ్ణంలో గౌరవం ఉంటుంది, కొంత దూరం కూడా ఉంటుంది. ఆ దూరం చెరిపేయడానికి మనిషి భాషలో ఉన్న దగ్గరి మాటలు ప్రేమికుల మాటలే. నేను చదువుకున్న ఇంగ్లిష్ కవుల్లో జాన్ డన్ పాదిరి. ఆయన కూడా దేవుడికి చెప్పుకోవడానికి పెళ్లి, ప్రేమ మాటలే వాడుకున్నాడు.

తాళ్లపాక వారు ఈ పాటల్ని దాచుకోలేదు. రాగిరేకుల మీద చెక్కించి, అధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు అని వేరుచేసి తిరుమల గుడిలోనే భద్రపరిచారు. దొరికిన వాటిలో శృంగార సంకీర్తనలే ఎక్కువ. ఇరవయ్యో శతాబ్దంలో వాటిని పరిష్కరించి అచ్చుకు సిద్ధం చేసినవారిలో, కొన్నిటికి స్వరాలు కూర్చినవారిలో మన జిల్లావారే ఉన్నారు. ఆయనే కంబదూరు దగ్గరి రాళ్లపల్లికి చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979). అంత పెద్ద పండితుడు ఈ పాటలను పక్కన పెట్టలేదు.

ఇంతకీ నా అభిప్రాయం ఇది. మనం రెండు తప్పులు చేస్తున్నాం. అర్థం చెప్పకుండా పిల్లలచేత రాగం బట్టీ పట్టిస్తున్నాం. లేదా అర్థం తెలిశాక భయపడి పాట తీసేస్తున్నాం. మొదటి తప్పు చేస్తే, పిల్లలు ఆ అర్థం ఫోన్‌లో ఒంటరిగా చూసుకుని, పెద్దవాళ్లు ఏదో దాచారనుకుంటారు. రెండో తప్పు చేస్తే, ప్రేమ గురించి వాళ్లకు తెలిసే భాష రీల్స్ భాష ఒక్కటే అవుతుంది.

అన్ని శృంగార సంకీర్తనలూ పదమూడేళ్ల వయసుకు తగవు, అది ఒప్పుకుంటాను. ఆ అమ్మాయిచేత పల్లవి, కంటి చూపుల చరణం మాత్రమే పాడించాం. చివరి చరణం ఎందుకు వదిలామో కూడా చెప్పాం, నువ్వు పెద్దయ్యాక పాడుకోవచ్చని. పాట ఆ చరణంలో వేంకటపతి పేరుతో ముగుస్తుందని మాత్రం దాచలేదు.

మీ ఇంట్లో పిల్లలు ఇలాంటి పాట నేర్చుకుంటుంటే మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో మాట్లాడేది ఎవరు? ఎవరితో? చివరి పేరు తీసేసి ఇంకొకరి పేరు పెడితే ఏమవుతుంది? మూడో ప్రశ్నకు మా క్లాసులో ఒక అబ్బాయి వెంటనే జవాబు చెప్పాడు: "అప్పుడది రాజుగారికి కాకా పట్టడం అవుతుంది మేడం." ఈసారి ఆ తండ్రిగారు కనిపిస్తే ఆయనకు ఈ జవాబే చెబుతాను.

— ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం, అనంతపురం