ముందు ఊపిరి, ఆ తర్వాతే విరిగిన కాలు

వైద్య, నర్సింగ్ విద్యార్థులారా, వారికి పాఠం చెప్పే పెద్దలారా!

టెక్కలి నుంచి పలాసకు పోయే 16వ నంబరు జాతీయ రహదారి మన నందిగాం మీదుగానే సాగుతుంది. ఆ దారిలో దెబ్బతిన్న మనిషి విశాఖలోని పెద్దాసుపత్రికి చేరేలోపు ముందు మన చేతుల్లోకే వస్తాడు. అతణ్ణి చూడాల్సిన వరుస ఎ, బి, సి, డి, ఇ. శ్వాసదారి, ఊపిరి, రక్తప్రసరణ, స్పృహ, చివరగా బట్టలు తీసి ఒళ్ళంతా చూడటం. ఇది అందరికీ కంఠతా వచ్చు. చేతికి రావాలంటే మాత్రం కేసుతోనే నేర్పాలి. అందుకోసం ఒక కేసు అల్లుకుందాం.

చీకటి పడే వేళ రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని బైకు గుద్దింది. 45 ఏళ్ళ మనిషి, జీడి ఫ్యాక్టరీలో పని ముగించుకుని ఇంటికి పోతున్నాడు. 108లో తెచ్చారు. తొడ వంకర తిరిగి ఉంది. గొంతులో గురగుర వినబడుతోంది. “ఏం చేస్తావమ్మా?” అని విద్యార్థిని అడిగి చూడండి. చూపు తొడ మీదికే పోతుంది. విరిగిన ఎముక కంటికి కనబడుతుంది కానీ మూసుకుపోతున్న శ్వాసదారి చెవికే తెలుస్తుంది. రక్తం చిమ్ముతుంటే మాత్రం ముందు దాన్ని అదిమి పట్టాలి. ఇక్కడ చిమ్మడం లేదు. కాబట్టి ఒకరు మెడ కదలకుండా పట్టుకోవాలి, మరొకరు దవడను ముందుకు నెట్టి నోట్లోని రక్తాన్ని సక్షన్‌తో లాగాలి, ఆక్సిజన్ పెట్టాలి. తల వెనక్కి వంచకూడదు.

గురగుర ఆగింది. అయినా నిమిషానికి 34 సార్లు ఊపిరి, ఆక్సిజన్ 86 శాతం. ఎడమ ఛాతీ కదలడం లేదు, స్టెతస్కోపులో అటువైపు శబ్దం లేదు, వేలితో తడితే డొల్లగా మోగుతోంది, బీపీ పడిపోతోంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చిక్కి గుండెను నొక్కేస్తోంది. ఇక్కడే మనవాళ్ళు “ముందు ఎక్స్‌రే తీద్దాం సార్” అంటారు. ఫిల్మ్ వచ్చేసరికి మనిషి ఉండడు. ఐదో పక్కటెముకల సందులో, చంక మధ్యగీతకు కాస్త ముందు, సూదితో గానీ వేలితో గానీ దారి చేసి గాలి వదలాలి. ఆ తర్వాత ఛాతీ ట్యూబు. ఒక మెట్టులో ప్రాణాపాయం కనబడితే దాన్ని సరిచేశాకే తర్వాతి మెట్టు.

గాలి వదిలాక ఊపిరి కుదుటపడింది, కానీ నాడి 130, చేతులు చల్లగా ఉన్నాయి. రక్తం ఎక్కడికి పోతోంది? నేల మీద, ఛాతీలో, పొట్టలో, కటిలో, తొడలో వెతకాలి. తొడను లాగి స్ప్లింట్ కట్టాలి. కటి ఎముక మీద అనుమానముంటే తొడల పైభాగంలో బయటికి తగిలే ఎముకల ఎత్తులో దుప్పటి బిగించాలి. నడుముకు కడితే దండగ. ట్రానెక్సమిక్ యాసిడ్ 1 గ్రాము 10 నిమిషాల్లో ఎక్కించాలి, అదీ దెబ్బ తగిలిన 3 గంటల లోపే.

చొక్కా చెయ్యి కత్తిరిస్తే మణికట్టు పైన ఉబ్బిన నరం, తాకితే జుమ్మని అదురుతోంది. ఉద్దానం మనిషి, డయాలసిస్ ఫిస్టులా. ఈ మాట ఏ పాఠ్యపుస్తకమూ మన విద్యార్థికి ఇంత గట్టిగా చెప్పదు, మనమే చెప్పాలి. ఆ చేతికి సూది వద్దు, బీపీ పట్టీ వద్దు. రక్తం పోతోంది కనుక రక్తం ఇవ్వాల్సిందే. కానీ సెలైన్ సీసాల మీద సీసాలు పోస్తే ఆ నీరు బయటికి పోయే దారి లేక ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

ఇక డి. కనుపాపలు రెండూ సమానమేనా, పిలిస్తే పలుకుతున్నాడా, షుగర్ ఎంత? ఇ అంటే వెన్ను కూడా తిప్పి చూసి, వెంటనే దుప్పటి కప్పడం. చలికి రక్తం సరిగా గడ్డకట్టదు. ఇంతలో అతను మూలిగి, పలకడం మానేశాడు. విద్యార్థి స్కాన్ గురించి ఆలోచిస్తాడు. వద్దు, మళ్ళీ ఎ దగ్గరికి!

ఈ వరుస మహానగరంలో పుట్టింది కాదు. 1976లో అమెరికాలోని నెబ్రాస్కా పొలాల్లో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు నడుపుతున్న విమానం కూలింది. భార్య చనిపోయింది, పిల్లలు గాయపడ్డారు. పల్లె ఆసుపత్రిలో అందిన అరకొర వైద్యం చూసి ఆయన కదిలిపోయాడు. 1978లో ఈ వరుస నేర్పే తొలి శిక్షణ అక్కడే మొదలైంది. పల్లె డాక్టర్ల కోసం పుట్టిన చదువును పల్లె దాకా తేలేకపోతే తప్పు మనదే.

కాబట్టి అధ్యాపకులారా, స్లైడ్లు పక్కన పెట్టండి. స్ట్రెచర్ మీద ఒక విద్యార్థిని పడుకోబెట్టండి, అంకెలు మీరు చెప్పండి, ప్రతి మెట్టూ వాళ్ళచేత పైకి చెప్పిస్తూ చేయించండి. 108 సిబ్బందినీ పీహెచ్‌సీ నర్సులనూ పక్కన నిలబెట్టండి. విద్యార్థులారా, పిలుపు కోసం చూడకండి. ఈ వారమే నలుగురు కలిసి ఈ కేసు ఆడండి, వచ్చే వారం మరో నలుగురికి నేర్పండి.