ఒక్క పిన్నే ఎందుకు మాడింది?

మొదట వచ్చింది పొగ కాదు, చేపల వాసన. ఆదివారం పొద్దున్న పదకొండింటికి మా ఫ్లాట్లో ఎవరూ చేపలు వండటం లేదు. ఇండక్షన్ స్టవ్ మీద కుక్కర్ ఉంది, అందులో పప్పు. పక్కింటి వాళ్లదేమోలే అనుకుని నేను ఫోన్ చూసుకుంటున్నా. రూమ్మేట్ మాత్రం ముక్కు పట్టుకుని వాసన వెంటే వెళ్లి ఆగింది ఎక్కడో తెలుసా? కిచెన్ గట్టు మీదున్న స్పైక్ బస్టర్ దగ్గర. స్విచ్ బోర్డుల్లో, ప్లగ్గుల్లో వాడే కొన్ని రకాల ప్లాస్టిక్ బాగా వేడెక్కితే అచ్చం చేపల వాసనే వస్తుందని ఆ రోజే తెలిసింది. మీ ఇంట్లో ఎప్పుడైనా కారణం లేకుండా ఆ వాసన వస్తే వంటింట్లో కాదు, ముందు సాకెట్ల దగ్గర చూడండి.

గోడ స్విచ్ ఆపేసి, చల్లారాక ప్లగ్ లాగితే, రెండు పిన్నుల్లో ఒకటి కొత్త దానిలా తళతళలాడుతోంది. రెండోది నల్లగా మాడిపోయి, చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగులోకి తిరిగి, కొంచెం కరిగి ఉంది. "లోడ్ ఎక్కువైంది, కాలిపోయింది" అని రూమ్మేట్ తీర్పు చెప్పేశాడు. నాకు మాత్రం డౌటొచ్చింది. ఫేజ్ పిన్నులోంచి ఎంత కరెంట్ లోపలికి వెళ్తుందో, న్యూట్రల్ పిన్నులోంచి సరిగ్గా అంతే బయటికి వస్తుంది. లోడ్ ఒక్కటే కారణమైతే రెండూ సమానంగా మాడాలి కదా! ఒక్కటే ఎందుకు మాడింది?

లెక్క చూద్దాం. మా స్టవ్ 2000 వాట్లు. మన ఇళ్లలో సప్లై 230 వోల్టులు. 2000ని 230తో భాగిస్తే సుమారు 8.7 యాంప్స్. అందుకే కంపెనీ వాళ్లు దానికి లావు పిన్నుల 16 యాంప్స్ ప్లగ్గే ఇచ్చారు. పాతవాళ్లు "పవర్ ప్లగ్" అనేది దాన్నే. మన గోడల మీద మామూలుగా కనిపించే చిన్న సాకెట్ 6 యాంప్స్‌ది, అంటే 1380 వాట్ల వరకే. అద్దె ఇంటి కిచెన్లో ఉన్న ఒక్క పవర్ సాకెట్ ఫ్రిజ్‌కి పోయింది. మరి స్టవ్‌కి? ఎలక్ట్రికల్ షాపులో ఒక కన్వర్టర్ దొరుకుతుంది చూడండి, ఒకవైపు లావు పిన్నులు దూరతాయి, రెండోవైపు సన్న పిన్నులు బయటికి వస్తాయి. అది కొన్నాం, స్పైక్ బస్టర్‌కి గుచ్చాం, ఆర్నెల్లు హాయిగా వండుకున్నాం. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే టైప్ ఎర్రర్ వస్తే బలవంతంగా కాస్టింగ్ చేసి కంపైల్ చేసుకున్నాం అన్నమాట. సాకెట్ సైజు తేడాగా పెట్టిందే ఆ ఎర్రర్ చూపించడానికి.

సరే, 6 యాంప్స్ దాంట్లో 8.7 పోనిచ్చాం. తప్పే. కానీ మాడటానికి అసలు కారణం పిన్నుకీ, సాకెట్ లోపలి ఇత్తడి రేకుకీ మధ్య ఉన్న పట్టు. వేడి అనేది కరెంట్ వర్గాన్ని రెసిస్టెన్స్‌తో గుణిస్తే వచ్చేది. ఇంటర్‌లో చదివాం, మర్చిపోయాం. పట్టు గట్టిగా ఉండి అక్కడి రెసిస్టెన్స్ ఓమ్‌లో వందో వంతు మాత్రమే ఉందనుకోండి, 8.7 యాంప్స్‌కి అక్కడ పుట్టే వేడి ముప్పావు వాటు. చేత్తో పట్టుకున్నా తెలీదు. రేకు వదులై, రెసిస్టెన్స్ 0.3 ఓమ్‌కి పెరిగితే? దాదాపు 23 వాట్లు. ఇంజినీరింగ్ ల్యాబ్‌లో మనం వాడిన సోల్డరింగ్ ఐరన్ గుర్తుందా? అది సాధారణంగా 25 వాట్లు. అంటే ప్లగ్ లోపల, పెసర గింజంత చోట, ఒక సోల్డరింగ్ ఐరన్ ఆన్ చేసి పెట్టినట్టు. పప్పు ఉడికినంతసేపూ.

ఇక్కడి నుంచి కథ దానంతట అదే నడుస్తుంది. వేడికి రేకు స్ప్రింగ్ గుణం పోయి ఇంకా వదులవుతుంది. పిన్ను మీద నల్లటి పొర కడుతుంది. రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఆపడానికి ఎగ్జిట్ కండిషన్ లేని లూప్ ఇది. ఆర్నెల్లు ఏమీ కాకుండా ఒక్కసారిగా ఓ ఆదివారం మాడటానికి కారణం ఇదే. రెండు పిన్నుల్లో ఏ పక్క రేకు ముందు వదులైతే అదే బలి. కన్వర్టర్ పెట్టడంతో ఇలాంటి అతుకులు మరీ ఎక్కువయ్యాయి. స్టవ్ ప్లగ్ నుంచి కన్వర్టర్‌కి ఒకటి, కన్వర్టర్ నుంచి స్పైక్ బస్టర్‌కి ఒకటి, అక్కడి నుంచి గోడకి ఇంకొకటి.

"మరి బ్రేకర్ ఏం చేస్తోంది, ట్రిప్ అవ్వాలి కదా?" అని రూమ్మేట్ అడిగాడు. మంచి ప్రశ్న. మెయిన్ బోర్డులో ఆ లైన్‌కి 16 యాంప్స్ ఎంసీబీ ఉంది. ఎంసీబీకి తెలిసింది ఒక్కటే, తనలోంచి ఎంత కరెంట్ పోతోందనేది. ప్లగ్ మాడుతున్నంతసేపూ దానికి కనిపించింది 8.7 యాంప్సే. పట్టు వదులైతే కరెంట్ పెరగదు, వేడి మాత్రమే పెరుగుతుంది. స్పైక్ బస్టర్ మీద మొత్తం 10 యాంప్స్ అని, ఒక్కో సాకెట్ 6 యాంప్స్ అని రాసుంది. దాని రీసెట్ బటన్‌కి కూడా మొత్తమే కనిపిస్తుంది, ఒక్కో రంధ్రం కాదు. అదీ పడలేదు. అసలు ఎంసీబీ పెట్టేది గోడలోపలి వైరు కాలకుండా. మీ ప్లగ్‌ని కాపాడతానని అది ఎప్పుడూ మాటివ్వలేదు.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ విషయంలో ఇంకో మాట. దాని వైరు చాలాసార్లు 0.75 స్క్వేర్ ఎంఎం ఉంటుంది. అయిదు మీటర్ల వైరులో రానూపోనూ కలిపి మన 8.7 యాంప్స్‌కి పుట్టే వేడి సుమారు 20 వాట్లు. నేల మీద బారుగా పరిచి ఉంటే మీటరుకి నాలుగు వాట్లు, గాలికి పోతుంది. మనమేం చేస్తాం? నీట్‌గా ఉంటుందని చుట్ట చుట్టి, రబ్బర్ బ్యాండ్ వేసి, మిక్సీ వెనకాల తోసేస్తాం. అప్పుడు ఆ 20 వాట్లూ ఒక్కచోటే చేరి, బయటికి పోయే దారి లేక వైరు తొడుగు మెత్తబడుతుంది.

ఎలక్ట్రీషియన్ అన్న వచ్చాడు. ముందు మేమడిగింది, "అన్నా, ఈ గోడ సాకెట్టే తీసేసి పెద్దది పెట్టెయ్." ఆయన ప్లేట్ విప్పి వెనక వైరు చూపించాడు, సన్నది. "దీనికి పెద్ద సాకెట్ పెడితే అది దొంగ సాకెట్ అయితది తమ్మీ. లోపల గోడలో వైరు కాలితే నీకు వాసన కూడా రాదు" అన్నాడు. చివరికి మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం వైరు లాగి, దానికే సొంతంగా 16 యాంప్స్ ఎంసీబీ పెట్టి, చివర పవర్ సాకెట్ బిగించాడు. ఓనర్ ఆంటీ సగం ఖర్చు ఇచ్చారు, అదో పెద్ద చర్చ. స్టవ్ ప్లగ్ కూడా మార్పించాం. ఎందుకంటే మాడిన పిన్నుని కొత్త సాకెట్లో పెడితే, దాని మీది నల్ల పొర కొత్త రేకుని కూడా వేడెక్కిస్తుంది. రెండింట్లో ఒకటే మారిస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంకొంతమంది ఇళ్లలో సమస్య తిరగబడి ఉంటుంది, ఏదీ మాడదు కానీ మాటిమాటికీ ట్రిప్ అవుతుంది. అప్పుడు చూడాల్సింది ఎంతసేపటికి పడిందని. స్టవ్ 8.7, కెటిల్ 1500 వాట్లదైతే 6.5, మైక్రోవేవ్ ఇంకో 5. మూడూ ఒకే 16 యాంప్స్ లైన్ మీదుంటే 20 దాటింది. అయినా వెంటనే పడదు. 16 యాంప్స్ ఎంసీబీ 18 వరకు గంటసేపు కూడా మోస్తుంది, 23 దాటితే గంటలోపు పడిపోవాలి. మధ్యలో ఉంటే పడొచ్చు, పడకపోవచ్చు. కాసేపు బాగానే నడిచి తర్వాత పడిందంటే లోడ్ ఎక్కువని అర్థం, ఒకటి తర్వాత ఒకటి వాడుకోవాలి. "మాటిమాటికీ పడుతోంది, 32 పెట్టెయ్ అన్నా" అనొద్దు. వైరు పాతదే ఉంచి బ్రేకర్ పెంచితే, ఇకపై ఫ్యూజ్‌లా కాలేది గోడలోని వైరే.

స్విచ్ వెయ్యగానే టప్పున పడితే మాత్రం సంగతి వేరు. మొన్న వానాకాలంలో అటక మీంచి ఓటీజీ దించి ఆన్ చేస్తే ఇల్లంతా చీకటి. పడింది ఎంసీబీ కాదు, దాని పక్కన 'T' అని బటన్ ఉండే ఆర్‌సీసీబీ. అది ఫేజ్‌లో వెళ్లిన కరెంట్, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంట్ సమానమా కాదా అని చూస్తుంది. ఇళ్లలో పెట్టేదానికి 30 మిల్లీ యాంప్స్ తేడా వస్తే చాలు, కట్ చేస్తుంది. మా ఓటీజీలో హీటింగ్ కాయిల్ చుట్టూ ఉండే తెల్ల పొడి నెలల తరబడి తేమ పీల్చుకుంది. కరెంట్ కొంచెం కొంచెంగా బాడీలోకి లీకై, ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోయింది. తేడా దొరికింది, పడింది.

ఇదే ఓటీజీని ఎర్తింగ్ లేని సాకెట్‌కి పెట్టుంటే? చాలామంది మూడు పిన్నుల దాన్ని టూ పిన్ అడాప్టర్‌తో వాడతారు చూడండి, అలా అన్నమాట. లీకైన కరెంట్‌కి భూమిలోకి దారి లేదు, కాబట్టి తేడా లేదు, కాబట్టి ఆర్‌సీసీబీ పడదు. ఓటీజీ చక్కగా పనిచేస్తూనే ఉంటుంది, కాకపోతే దాని ఇనప బాడీ మొత్తం కరెంట్ మీద ఉంటుంది. తడిచేత్తో తలుపు తీసేవాళ్లే ఆ లీకేజీకి దారి. ఆర్‌సీసీబీ అప్పుడు పడుతుంది, అదీ ఇంట్లో అది ఉంటేనే. లేకపోతే 16 యాంప్స్ దాటితే గానీ కదలని ఎంసీబీకి మనిషికి కొట్టే షాక్ ఒక లెక్కే కాదు.

మూడో పిన్ను మిగతా రెండింటికంటే పొడుగ్గా, లావుగా ఉండేది ఇందుకే. ప్లగ్ పెట్టేటప్పుడు ఎర్త్ ముందు కలవాలి, తీసేటప్పుడు ఆఖరున విడిపోవాలి. ఫ్రిజ్‌నో, కెటిల్‌నో ముట్టుకుంటే వేళ్లకి జివ్వుమంటోందా? "చెప్పులేసుకుని ముట్టుకో" అని అమ్మ చెప్పే సలహా పాటించేసి ఊరుకోకండి. ఆ సాకెట్లో మూడు రంధ్రాలున్నంత మాత్రాన వెనక ఎర్త్ వైరు ఉన్నట్టు కాదు. మా పాత ఫ్లాట్లో రంధ్రం ఉంది, వైరే లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ప్లేట్ విప్పించి, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ లాంప్ పెట్టించండి. ఎర్త్ బాగుంటే బల్బు ఫుల్లుగా వెలుగుతుంది, లేదా ఆర్‌సీసీబీ టప్పున పడుతుంది. మసగ్గా వెలిగినా, అసలు వెలక్కపోయినా ఎర్తింగ్ సరిగ్గా లేనట్టే.

ఓటీజీని మెకానిక్ దగ్గర కాయిల్ ఆరబెట్టించి, లీకేజీ చెక్ చేయించి తెచ్చాం, ఇప్పుడు పడటం లేదు. స్టవ్ వాడాక ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడటం మా ఇద్దరికీ అలవాటైపోయింది. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే గోడ స్విచ్ ఆపేస్తాం. స్పైక్ బస్టర్‌లో మాడిన రంధ్రం లోపలి రేకులు మిగతావాటికీ కలిసే ఉంటాయి కాబట్టి దాన్ని పారేశాం. కొత్తది హాల్లో ఉంది, దానికి రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, వైఫై రౌటర్. అన్నీ కలిపినా ఒక యాంప్ కూడా దాటదు.