నీలం టిక్కులు పడ్డాక...

ఎదురుగా చెబితే నేస్తం మొహం ఎలా మారుతుందోనని భయం. అందుకే హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఓ కుర్రాడు వాట్సప్‌ని నమ్ముకున్నాడు. ముందు రోజుల్లో ఊరికే అన్నట్టు 377వ సెక్షన్ ప్రస్తావన తెచ్చాడు. ఇంటర్ నుంచీ గది పంచుకున్న ఆ మిత్రుడు వెటకారం చేయలేదు. కాస్త ధైర్యమొచ్చింది.

మొదట రాసింది చాంతాడంత. అందులో సగం క్షమాపణలే! తప్పేం చేశాడని? అవన్నీ చెరిపేస్తే మిగిలింది ఇదీ:

'ఒరే, నేను గేని. చాలా ఏళ్లుగా తెలుసు. నీమీద అలాంటి ఉద్దేశమేం లేదు. ఇంట్లో తెలీదు, నువ్వూ ఎవరికీ చెప్పకు. జవాబు తీరిగ్గా ఇవ్వు.'

మూడో వాక్యం అవసరమే. అవతలివాడికి ముందు వచ్చే అనుమానం అదే మరి. నాలుగోది ఇంకా ముఖ్యం. 2018లో సుప్రీంకోర్టు ఇది నేరం కాదంది కానీ, స్క్రీన్‌షాట్ నాన్న ఫోన్‌కి చేరితే ఏ కోర్టూ అడ్డుపడదు. పంపినవాడు తర్వాత డిలీట్ చేసినా స్క్రీన్‌షాట్ పోదు.

శనివారం రాత్రి, అవతలివాడు గదిలో ఒంటరిగా ఉండే వేళ చూసి పంపాడు. నిమిషంలో నీలం టిక్కులు. 'టైపింగ్' అని కనిపించింది, ఆగిపోయింది. ఆ రాత్రి అంతే. అసహ్యించుకున్నాడనే అనుకున్నాడు కుర్రాడు. నిజానికి ఏం రాయాలో తోచనివాడూ అలాగే ఆగిపోతాడు. మళ్లీ మెసేజ్ పెట్టి నిలదీయకపోవడం మంచిదైంది.

ఆదివారం పదకొండింటికి ఫోన్ మోగింది.

'టిఫిన్ చేశావా? వస్తున్నా, ఉండు.'